బీఆర్‌ఎస్‌లో మిగిలిపోయే తేడా: చెక్కు తేదీ వదిలేసి బ్యాంకు తేదీ పట్టుకోండి

ప్రశ్న: సర్, గుంటూరులో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మార్చి 31కి బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్, అదే బీఆర్‌ఎస్, కలవట్లేదు. క్లియర్ కాని చెక్కులు కలిపి, జమ చేసినా క్రెడిట్ కానివి తీసేసినా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 11,460 ఎక్కువ ఉంది. బుక్స్‌లో ప్రతి ఎంట్రీకీ స్టేట్‌మెంట్ చూసి బ్యాంక్ డేట్ వేశాను, రెండుసార్లు టిక్ పెట్టాను. వచ్చే వారం ఆడిటర్ గారు వస్తారు. తేడాని సస్పెన్స్ ఖాతాలో పెట్టేయనా?

సమాధానం:

ఇప్పుడే పెట్టకండి. ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. 11,460లో సగం 5,730. బుక్స్‌లో 5,730 అంకె ఎక్కడైనా ఉందేమో వెతకండి. వచ్చిన డబ్బును పొరపాటున పేమెంట్ వైపు వేస్తే తేడా సరిగ్గా రెట్టింపు వస్తుంది, మీకు బ్యాంకులోనే ఎక్కువ ఉంది కాబట్టి ఆ దిశ కూడా సరిపోతుంది. అంకెలు తారుమారైతే, అంటే 64ని 46 అని కొడితే, తేడా తొమ్మిదితో తెగుతుంది. 11,460 తెగదు, కాబట్టి ఆ ఒక్క తప్పే కారణం అయ్యే అవకాశం లేదు. ఈ రెండు చిట్కాలూ అందరికీ తెలిసినవే. కాకపోతే తేడా మొత్తం ఒకే ఒక్క తప్పు నుంచి వచ్చినప్పుడే ఇవి పనికొస్తాయి. నా అనుభవంలో రెండుసార్లు టిక్ పెట్టాక కూడా మిగిలిన తేడా ఒక్క తప్పు వల్ల వచ్చింది చాలా అరుదు, రెండు మూడు తప్పులు ఒకదాన్నొకటి కొంత మింగేయగా మిగిలిన ఎముక అది.

మీ ప్రశ్నలో నాకు అనుమానం వచ్చిన చోటు ఒకటి ఉంది. "బుక్స్‌లో ప్రతి ఎంట్రీకీ" టిక్ పెట్టానన్నారు. అంటే బుక్స్ వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కోటీ స్టేట్‌మెంట్‌లో దొరికిందా లేదా అని చూశారు. మరి స్టేట్‌మెంట్ వైపు నుంచి? అందులో ఏ టిక్కూ పడని లైన్లు ఎన్ని మిగిలాయి? అది చూడకుండా ఎన్నిసార్లు టిక్ పెట్టినా ఒక కంటితో చూసినట్టే. ఈ పని ఇవాళే చేయండి. అయితే అది చేసినా దొరకని తప్పులు ఉంటాయి, వాటి కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నా దగ్గర జరిగిన ఒక కేసు చెప్తాను, పద్ధతి అందులోనే తెలుస్తుంది.

2022-23 పుస్తకాలు అవి. నరసరావుపేట వైపు ఎరువులు, పురుగుమందులు అమ్మే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పాత అకౌంటెంట్ మానేశాడు, కొత్తబ్బాయి వచ్చాడు, మే నెలాఖర్లో నన్ను పిలిచారు. మార్చి 31 నాటికి బుక్స్‌లో బ్యాంకు బ్యాలెన్స్ 8,42,316. మనం ఇచ్చిన చెక్కుల్లో బ్యాంకుకు రానివి నాలుగు, మొత్తం 2,06,500. మనం జమ చేసి ఇంకా క్రెడిట్ కానిది ఒకటి, 48,000. లెక్క ప్రకారం స్టేట్‌మెంట్‌లో 10,00,816 ఉండాలి. ఉన్నది 10,07,921. తేడా 7,105.

కొత్తబ్బాయి నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "ఏడువేలే కదా సార్, బ్యాంకులోనే ఎక్కువుంది, మనకేం నష్టం లేదు" అన్నాడు. కోట్ల టర్నోవర్‌లో ఏడువేలు చిల్లరే మరి. 7,105ని రెండుతో భాగిస్తే 3,552.50, అలాంటి ఎంట్రీ లేదు. తొమ్మిదితో తెగదు. షావుకారు కూడా "ఏదో ఒక ఖాతాలో పడేయండి" అన్నాడు.

నేను చేసింది ఏంటంటే చెక్కు తేదీలు, వోచర్ తేదీలు అన్నీ పక్కన పెట్టేశాను. మామూలుగా బీఆర్‌ఎస్ చేసేటప్పుడు బుక్స్ బ్యాలెన్స్ తీసుకుని, క్లియర్ కానివి కలిపి, క్రెడిట్ కానివి తీసేసి బ్యాంకు బ్యాలెన్స్‌కి వస్తాం. ఏడాది చివరి రోజుకి ఇలా చేస్తే ఒకే ఒక్క అంకె చేతికొస్తుంది, అది ఎప్పుడు పుట్టిందో చెప్పదు. దాని బదులు బుక్స్‌లోని ఎంట్రీలనే బ్యాంక్ డేట్ ప్రకారం పేర్చి నడిపితే? ఇచ్చిన చెక్కు మార్చి 20ది అయినా బ్యాంకులో పాసైంది ఏప్రిల్ 3 అయితే దాన్ని ఏప్రిల్ 3నే తీసేస్తాం. బ్యాంక్ డేట్ పడనివి అసలు లెక్కలోకే రావు. అప్పుడు టైమింగ్ తేడాలు అనేవి పూర్తిగా మాయమైపోతాయి. ఇంకా ఏదైనా తేడా మిగిలితే అది ఎక్కడో జరిగిన తప్పే, లేదా వేయని ఎంట్రీనే.

టాలీ నుంచి బ్యాంకు లెడ్జర్‌ని బ్యాంక్ డేట్‌తో సహా ఎక్సెల్‌లోకి తీసుకోండి. D కాలమ్‌లో బ్యాంక్ డేట్, E కాలమ్‌లో మొత్తం, వచ్చినవి ప్లస్, పోయినవి మైనస్. H1లో మీకు కావాల్సిన తేదీ, H2లో బుక్స్ ప్రకారం ఏప్రిల్ 1 ఓపెనింగ్. పోయిన ఏడాదివి ఇంకా బ్యాంకుకు రాని చెక్కుల జాబితా మీ దగ్గర ఉంటే అవి కూడా ఒక్కోటి ఒక్కో వరసగా చేర్చండి, కానీ వాటి ప్రభావం ఓపెనింగ్‌లో ముందే పడిపోయింది కాబట్టి ఆ మొత్తాన్ని H2లో తిరిగి కలపాలి. ఇక ఫార్ములా ఇంతే:

```
=H2+SUMIFS(E:E,D:D,"<="&H1)
```

ఈ అంకెని ఆ రోజు స్టేట్‌మెంట్‌లో సాయంత్రం బ్యాలెన్స్‌లోంచి తీసేయండి. అదే ఆ రోజు తేడా. మొదట నెలాఖర్లకి మాత్రమే చేయండి, ఏప్రిల్ 1 ఓపెనింగ్‌తో కలిపి పదమూడు అంకెలు వస్తాయి.

ఇది చేసే ముందు జాగ్రత్త ఒకటి. స్టేట్‌మెంట్‌ని పీడీఎఫ్ నుంచి ఎక్సెల్‌లోకి మార్చుకుని ఉంటే అందులో వరసలు ఎగిరిపోయి ఉండొచ్చు, పేజీ మారే చోట ఇది ఎక్కువ. పై వరస బ్యాలెన్స్‌కి ఈ వరస మొత్తం కలిపితే లేదా తీసేస్తే ఈ వరస బ్యాలెన్స్ రావాలి. ఆ చెక్ కాలమ్ ఒకటి పెట్టి కిందిదాకా లాగి చూస్తే ఎక్కడ తెగిందో కనపడిపోతుంది. తేదీలు కూడా చూసుకోండి, ఎక్సెల్‌లో తేదీలా కనపడుతూ లోపల టెక్స్ట్‌గా ఉన్నవాటిని పై ఫార్ములా పట్టించుకోదు. 03/04 అనేది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అయిపోయి కూర్చోవడం కూడా నేను చాలాసార్లు చూశాను.

మా కేసులో ఆ పదమూడు అంకెలు ఎలా వచ్చాయంటే, ఏప్రిల్ 1 ఓపెనింగ్‌లోనే 41,300. ఏప్రిల్, మే, జూన్, జులై నెలాఖర్లన్నీ 41,300. ఆగస్టు ఆఖరికి 44,900. అక్కడి నుంచి డిసెంబరు దాకా అదే 44,900. జనవరి ఆఖరికి 7,105. ఫిబ్రవరి, మార్చి 7,105.

ఆ వరస చూడగానే నాకు సగం టెన్షన్ పోయింది. ఏడాదిలో పది నెలల్లో కొత్తగా ఏ తేడా పుట్టలేదని తేలిపోయింది. వెతకాల్సింది మూడు చోట్ల, ఓపెనింగ్, ఆగస్టు, జనవరి. ఇంకో సంగతి కూడా చూడండి, ఏడువేల తేడా వెనక ఒకటి నలభై ఒక్కవేలది, ఒకటి ముప్పై ఏడువేలు దాటినది ఉన్నాయి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, అందుకే చిన్నగా కనపడింది.

జనవరిది ముందు చెప్తాను, అదే ఎక్కువ బాధపెట్టింది. ఆ నెలలో రోజువారీగా అదే ఫార్ములా నడిపాను. 12వ తేదీ సాయంత్రం మన లెక్క 6,21,480, స్టేట్‌మెంట్ 6,66,380, తేడా 44,900. 13వ తేదీ సాయంత్రం మన లెక్క 5,91,480, స్టేట్‌మెంట్ 5,98,585, తేడా 7,105. ఒక్క రోజులో తేడా 37,795 పడిపోయింది. ఆ రోజు స్టేట్‌మెంట్‌లో ఉన్నవి మూడే లైన్లు. ఒకటి మనం పంపిన 30,000 నెఫ్ట్, అది బుక్స్‌లో ఉంది. రెండోది 37,500 చెక్కు రిటర్న్, డెబిట్. మూడోది రిటర్న్ ఛార్జీ 295, అంటే 250కి 18 శాతం జీఎస్టీ 45 కలిపి. చివరి రెండూ బుక్స్‌లో లేవు.

జరిగిందిది. ఒక ఊరి రిటైలర్ 37,500కి చెక్కు ఇచ్చాడు, 12న బ్యాంకు క్రెడిట్ చేసింది, 13న బౌన్స్ అయి వెనక్కి తీసేసింది. మనవాడు బుక్స్‌లో రసీదు ఎంట్రీ తీసుకుని స్టేట్‌మెంట్‌లో 37,500 క్రెడిట్ చూశాడు, దొరికింది, టిక్ పెట్టాడు, బ్యాంక్ డేట్ 12 జనవరి వేశాడు. అతని వైపు నుంచి అంతా కరెక్టే. కింద లైన్లో అదే మొత్తం డెబిట్‌లో ఉందని చూడాల్సిన అవసరం అతనికి రాలేదు, ఎందుకంటే బుక్స్‌లో దానికి జోడీ ఎంట్రీ లేదు. స్టేట్‌మెంట్ వైపు నుంచి కూడా టిక్ పెట్టి ఉంటే అయిదు నిమిషాల్లో దొరికేది. అందుకే పైన అది ఇవాళే చేయమన్నాను.

దీని ఖర్చు 295 రూపాయలు కాదు. పార్టీ లెడ్జర్‌లో 37,500 వచ్చేసినట్టే ఉంది కాబట్టి ఆ రిటైలర్ బాకీ సున్నా చూపించింది, అతనికి మళ్లీ సరుకు అరువిచ్చారు. చెక్కు బౌన్స్ కేసు వేయాలంటే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138లో ఉన్న గడువు అది. రిటర్న్ మెమో కవరు జనవరిలోనే వచ్చి ఎవరి డ్రాయర్‌లోనో పడి ఉంది. చెక్కు మళ్లీ వేద్దామంటే మూడు నెలల గడువు ఏప్రిల్‌లోనే అయిపోయింది. షావుకారు అతన్ని పట్టుకుని విడతలుగా వసూలు చేసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఎంట్రీ ఎలా సరిచేయాలంటే, అసలు రసీదుని తీసేయకండి. డబ్బు ఒకరోజు వచ్చింది, మర్నాడు పోయింది, రెండూ నిజమే. 13 జనవరి తేదీతో పార్టీకి డెబిట్, బ్యాంకుకి క్రెడిట్ 37,500, ఛార్జీలకి విడిగా 295. ఆ 295ని పార్టీ మీద వేస్తారా, మనమే భరిస్తామా అనేది యజమానిని అడగండి.

ఇక ఆగస్టు. రోజువారీ నడిపితే 25వ తేదీన 3,600 పెరిగింది. ఆ రోజు ఒకే చెక్కు పాసైంది, స్టేట్‌మెంట్‌లో 64,800, బుక్స్‌లో 68,400. చెక్కు నంబరు చూసి టిక్ పెట్టేశారు, మొత్తం చూడలేదు. 3,600 తొమ్మిదితో తెగుతుందని గమనించండి, విడిగా దొరికాక పాత చిట్కా కూడా పని చేసింది. ఇలాంటప్పుడు బ్యాంకు అంకే కరెక్ట్ అని కళ్లు మూసుకుని బుక్స్ మార్చేయొద్దు. చెక్కు కౌంటర్ ఫాయిల్ చూడండి, బిల్లు చూడండి, అవసరమైతే బ్యాంకుని చెక్కు ఇమేజ్ అడగండి. మాకు బిల్లూ 64,800, కౌంటర్ ఫాయిలూ 64,800, కాబట్టి తప్పు మాదే. బిల్లు 68,400 అయ్యుంటే సప్లయర్‌కి మనం 3,600 తక్కువ రాసిచ్చినట్టు, అప్పుడు సరిచేయడం వేరేలా ఉంటుంది.

ఇప్పుడు ఓపెనింగ్‌లోని 41,300. ఇది ఎన్ని వైపుల నుంచి టిక్ పెట్టినా దొరకదు, ఎందుకంటే రెండు వైపులా ప్రతిదానికీ టిక్ పడిపోతుంది. పాత అకౌంటెంట్ 2022 మార్చి 29న ఒక పురుగుమందుల కంపెనీకి 41,300 చెక్కు ఇచ్చాడు. మార్చి 31కి అది పాసవలేదు. బుక్స్‌లో అప్పటికే తగ్గించేశాడు కాబట్టి బుక్స్ ఓపెనింగ్ 3,18,450, స్టేట్‌మెంట్ ఓపెనింగ్ 3,59,750. దీంట్లో ఏ తప్పూ లేదు, మామూలు టైమింగ్ తేడానే. కానీ కొత్త ఏడాదికి టాలీలో కొత్త కంపెనీ పెట్టినప్పుడు 3,18,450 అనే అంకె ఒక్కటే తెచ్చుకున్నారు, ఆ అంకె వెనక ఫలానా చెక్కు ఇంకా పాసవ్వాల్సి ఉందనే సంగతి తెచ్చుకోలేదు. పాతవాడికి తెలుసు, పాతవాడు మానేశాడు.

ఏప్రిల్ 6న ఆ చెక్కు బ్యాంకులో పాసైంది. కొత్తబ్బాయి స్టేట్‌మెంట్‌లో 41,300 డెబిట్ చూశాడు, బుక్స్‌లో వెతికాడు, లేదు. మర్చిపోయారనుకుని పేమెంట్ ఎంట్రీ వేసి బ్యాంక్ డేట్ 6 ఏప్రిల్ పెట్టాడు. తన దృష్టిలో ఒక తప్పు దిద్దాడు. నిజానికి ఒకే చెక్కు రెండు ఏడాదుల్లో రెండుసార్లు తగ్గింది. స్టేట్‌మెంట్ నుంచి ఎంట్రీలు నేరుగా దించుకునే సౌకర్యం వచ్చాక ఈ తప్పు ఇంకా ఎక్కువైంది, జోడీ దొరకని ప్రతి లైన్‌కీ వోచర్ తయారు చేయమంటారా అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది, జనం సరే అని నొక్కేస్తారు. ఏప్రిల్ మొదటి వారాల్లో ఇలా పుట్టిన పేమెంట్ వోచర్లని నేను ఇప్పుడు ఒక్కొక్కటీ పోయిన ఏడాది బీఆర్‌ఎస్‌తో పోల్చి చూస్తాను.

ఇది తప్పని రుజువు ఎక్కడ దొరికిందంటే బ్యాంకులో కాదు, సప్లయర్ దగ్గర. వాళ్ల లెడ్జర్ కాపీ తెప్పించుకుంటే అందులో 41,300 ఒక్కసారే ఉంది, మన లెడ్జర్‌లో రెండుసార్లు. అంటే వాళ్లకి మనం ఇవ్వాల్సినదాన్ని 41,300 తక్కువ చూపిస్తూ వచ్చాం. దొరికాక ఆ డూప్లికేట్ వోచర్ తీసేసి, పాత చెక్కుని ఓపెనింగ్‌లో క్లియర్ కానిదిగా నంబరుతో సహా ఎక్కించి, దానికి 6 ఏప్రిల్ బ్యాంక్ డేట్ ఇచ్చాం. మీది కంపెనీ కాబట్టి ఒక మాట, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకి ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, తీసేసినా మార్చినా ఆడిటర్‌కి కనపడుతుంది. కనపడితే భయమేం లేదు, నరేషన్‌లో ఎందుకు తీశారో రాసిపెట్టండి, లేదా ఆ ఎంట్రీ అలాగే ఉంచి రివర్స్ ఎంట్రీ వేయండి. ఏది వేసినా మీ ఆడిటర్ గారిని ఒకసారి అడిగి వేయడం మంచిది.

మూడూ అయిపోయాయి, తేడా సున్నా. కానీ నేను అక్కడ ఆగలేదు, మీరూ ఆగకండి. క్లియర్ కాని చెక్కుల జాబితా మొత్తం కలిసినంత మాత్రాన ఆ చెక్కులన్నీ నిజమైనవని కాదు. ఆ నాలుగింటిలో ఒకటి 24,000, నవంబరులో ఇచ్చింది. మార్చి 31కి నాలుగు నెలలు దాటింది. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువు రాసిన తేదీ నుంచి మూడు నెలలే, అది ఇక బ్యాంకులో పాసయ్యే ప్రసక్తే లేదు. అయినా "ఇంకా బ్యాంకుకు రాలేదు" అనే వరసలో దర్జాగా కూర్చుంది. ఆ పార్టీకి ఫోన్ చేస్తే చెప్పారు, చెక్కు పోగొట్టుకున్నామని జనవరిలోనే అడిగితే మీరు నెఫ్ట్ చేశారు కదా అని. బుక్స్‌లో చెక్కూ ఉంది, నెఫ్టూ ఉంది. ఇది తేడాలో ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే జాబితా దాన్ని మోస్తూ ఉంటుంది. ఇలాంటిదాన్ని బ్యాంకుకి డెబిట్, పార్టీకి క్రెడిట్ వేసి వెనక్కి తిప్పాలి. నెఫ్ట్ చేయకుండా ఉండి ఉంటే ఆ 24,000 మనం ఇంకా వాళ్లకి బాకీ ఉన్నట్టే, గడువు దాటింది కదా అని ఇతర ఆదాయంలో వేసుకునే పెద్దమనుషులు కూడా ఉన్నారు, అది చేయకండి.

అన్నీ దిద్దాక బుక్స్ బ్యాలెన్స్ 8,73,421కి వచ్చింది. క్లియర్ కానివి మూడు, 1,82,500. క్రెడిట్ కానిది 48,000, అది మార్చి 31న వేసిన చెక్కు, ఏప్రిల్ 3న క్రెడిట్ అయినట్టు తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో చూసుకున్నాం. కూడి తీస్తే 10,07,921. స్టేట్‌మెంట్ అంకె మొదటినుంచీ అదే, మారిందల్లా మనదే.

జమ చేసి క్రెడిట్ కాని చెక్కుల గురించి ఇంకో మాట. ఇదివరకు రెండు మూడు రోజులు పట్టినా అడిగేవాళ్లం కాదు. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులు పోగేసి విడతలుగా కాకుండా రోజంతా క్లియరింగ్‌కి పంపే పద్ధతి వచ్చింది, పగలు నిర్ణీత వేళల్లో స్కాన్ అయినవాటి సంగతి ఆ సాయంత్రానికే తేలుతుంది. కాబట్టి మీ జాబితాలో వారం క్రితం జమ చేసి ఇంకా క్రెడిట్ కాలేదన్న చెక్కు ఉంటే దాన్ని టైమింగ్ తేడా అని నమ్మకండి. అది బౌన్స్ అయ్యుండాలి, లేదా మీ ఆఫీసులోనే ఫైల్లో ఉండిపోయుండాలి. మనం ఇచ్చిన చెక్కుల విషయంలో మాత్రం ఈ వేగం ఏమీ చేయలేదు, తీసుకున్నవాడు బీరువాలో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే.

ఈ బ్యాంక్ డేట్ పద్ధతికి ఉన్న బలహీనత కూడా చెప్పాలి. ఇది మీరు వేసిన బ్యాంక్ డేట్లు నిజమైనప్పుడే పని చేస్తుంది. కొంతమంది తొందరలో నెలంతటికీ నెలాఖరు తేదీ వేసేస్తారు, లేదా వోచర్ తేదీనే బ్యాంక్ డేట్‌గా కొట్టేస్తారు. అప్పుడు నెల మధ్యలో తేడాలు పుట్టుకొస్తాయి. వాటిని గుర్తుపట్టడం తేలికే. అసలైన తప్పు మెట్టులా ఉంటుంది, ఒకరోజు ఎక్కి అక్కడే ఉండిపోతుంది. తేదీ తప్పు స్పీడ్ బ్రేకర్‌లా ఉంటుంది, ఎక్కి కొన్ని రోజులకి అంతే మొత్తం దిగిపోతుంది. స్పీడ్ బ్రేకర్లని ముందు వదిలేయండి, మెట్లు పట్టుకోండి. స్టేట్‌మెంట్‌లో రెండు తేదీలుంటే లావాదేవీ పోస్ట్ అయిన తేదీనే తీసుకోండి, వాల్యూ డేట్ కాదు, పక్కనున్న బ్యాలెన్స్ నడిచేది మొదటిదాని మీదే. ఒకే రోజు సమానమైన రెండు తప్పులు ఎదురెదురుగా పడితే ఈ పద్ధతికి కూడా దొరకవు, అవి పార్టీల లెడ్జర్లు కలిపి చూసినప్పుడే బయటపడతాయి.

సస్పెన్స్ గురించి అడిగారు. వారంలోపు తేలకపోతే బ్యాంకు లెడ్జర్‌ని ముట్టుకోకుండా బీఆర్‌ఎస్ కాగితం మీదే "తేలని తేడా 11,460, ఫలానా తేదీన ఇంత పుట్టింది, ఫలానా తేదీన ఇంత" అని విడి లైన్‌గా చూపించండి. ఆడిటర్ గారు కోప్పడితే కోప్పడతారు, కానీ తేదీలు పట్టుకున్నారంటే ఆయనకీ వెతకడం సులువు. సస్పెన్స్ ఎంట్రీ వేసి బ్యాంకు బ్యాలెన్స్‌ని బలవంతంగా కలిపేశారనుకోండి, వచ్చే ఏడాది ఓపెనింగ్ శుభ్రంగా కనపడుతుంది, మీ తర్వాత వచ్చేవాడికి 41,300 లాంటిది వెతకడానికి దారే ఉండదు. బ్యాంకు ఛార్జీల్లో మాత్రం అసలు వేయకండి, మీకు బ్యాంకులోనే ఎక్కువ ఉంది కాబట్టి ఖర్చు ఖాతాలో క్రెడిట్ పడి అదొక వింతగా ఉంటుంది, ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

మీరు చేయాల్సింది వరసగా చెప్పాలంటే, స్టేట్‌మెంట్ వైపు టిక్ పడని లైన్లు చూడండి, అది సాయంత్రంలోపు అయిపోతుంది. తర్వాత ఏప్రిల్ 1న రెండు ఓపెనింగ్‌లూ తీసి, పోయిన ఏడాది ఆడిట్ ఫైల్‌లో ఉన్న బీఆర్‌ఎస్ జాబితాతో ఆ తేడా సరిపోతుందో లేదో చూడండి. ఈ రోజుల్లో బీఆర్‌ఎస్ అని ఫోన్లో అడిగితే ఫైల్ బదులు రాజకీయాలు మొదలుపెట్టేవాళ్లున్నారు, కాబట్టి బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్ అని పూర్తిగా అడగండి. ఆ తర్వాత నెలాఖరు అంకెలు. పార్టీల పేర్లు తీసేసి ఆ పదమూడు అంకెలు ఇక్కడ పెట్టండి, తేడా ఏ నెలలో మెట్టెక్కిందో చూసి మిగతాది చెప్తాను.